6వ తరగతిలో లెక్కల్లో బాగా ముందున్న పిల్లవాడు: వెనక బెంచీలో ఒంటరి చేయకుండా ఏం ఇవ్వాలి?

ఆరో తరగతి టీచర్, తిరుపతి
ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నా 6వ తరగతిలో 42 మంది. వారానికి 6 లెక్కల పీరియడ్లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. ఒక అబ్బాయి అభ్యాసంలోని లెక్కలన్నీ 8 నిమిషాల్లో ముగించి ఊరికే కూర్చుంటాడు. ఖాళీగా ఉంచకూడదని మూడు వారాల కిందట 8వ తరగతి పుస్తకం ఇచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టాను. పుస్తకం బాగానే నడిచింది, పిల్లవాడే తరగతి నుంచి జారిపోయాడు. ఇప్పుడు చెయ్యెత్తడం మానేశాడు. గుంపులుగా కూర్చోండి అంటే వాడిని ఎవరూ పిలవరు, వాడూ ఎవరి దగ్గరికీ పోడు. లెక్క రానప్పుడు మాత్రం నోట్‌బుక్కు కోసం వస్తారు. 'క్యాలిక్యులేటర్' అని పేరు కూడా పెట్టారు.

రేపటి నుంచి కారణాంకాలు, గుణిజాల పాఠం. 12 పీరియడ్లున్నాయి. వాడి బుర్రకు పని ఉండాలి, 42 మందిలో ఒకడిగానూ ఉండాలి. ఈ ఒక్క పాఠానికి పీరియడ్ల వారీగా ఏం చేయాలో చెప్పగలరా? పుస్తకాల పేర్లు వద్దండీ, పద్ధతి కావాలి.

చంద్రగిరి అమ్మ
ఆదివారం, రాత్రి 9:05

మేడం, మా పాప 5వ తరగతి. అబాకస్‌లో చేర్పించినాము, రెండంకెల గుణకారాలు నోటితో చెప్పేస్తాది. మీ అబ్బాయిని కూడా అబాకస్‌లో చేర్పించమనండి, టైమ్ పాస్ అవుతుంది. మా పాపతో ఇంకో తంటా. ఇంట్లో అంత వేగంగా చేసేది స్కూల్లో కావాలనే నెమ్మదిగా రాస్తా ఉండాది. అడిగితే "తొందరగా రాస్తే ఇంకో పేజీ ఇస్తారమ్మా" అంటాది.

లెక్కల సార్, చిత్తూరు
ఆదివారం, రాత్రి 10:20

చంద్రగిరి అమ్మగారూ, అబాకస్ వల్ల నష్టమేమీ లేదు. కానీ అది చేతివేగం. టీచర్‌గారి అబ్బాయికి వేగం ఇప్పటికే ఎక్కువైంది, అక్కడ తక్కువైంది ఆలోచించాల్సిన పని. మీ పాప మాట మాత్రం అందరూ వినాల్సింది. ముందు ముగించినవాళ్లకు అవే లెక్కలు ఇంకో 20 ఇస్తే అది వాళ్ల కంటికి శిక్షే. తెలివైన పిల్ల రెండు వారాల్లో కనిపెట్టి వేగం దాచేస్తుంది. గుర్తు ఏమిటంటే, నోట్‌బుక్కులో మొదటి మూడు లెక్కలు సాఫీగా ఉంటాయి, తర్వాత అక్షరాలు బొమ్మల్లా పెద్దవవుతాయి, మార్జిన్లో పూలు వస్తాయి.

టీచర్‌గారూ, మీ పాఠానికి వద్దాం. మొదటి పీరియడ్‌లో పాఠం మొదలుపెట్టకముందే ఈ అధ్యాయంలోని అన్నిటికన్నా కష్టమైన 5 లెక్కలు బోర్డు మీద రాయండి. 15 నిమిషాలు. ఆ అబ్బాయికి మాత్రమే కాదు, 42 మందికీ. "ఇష్టమున్నవాళ్లు ప్రయత్నించండి, రాకపోతే ఏమీ కాదు, ఇంకా చెప్పని పాఠం" అనండి. 5లో 4 సరిగా, మెట్లతో సహా చేసినవాళ్లకు ఈ పాఠంలో అభ్యాస లెక్కలు రాసే పని లేదు. తలుపు అందరికీ తెరిచి ఉంచడంలోనే సగం పని ఉంది. ఈ పాఠానికి నలుగురు దాటుతారు, భిన్నాలకు ఇంకో ముగ్గురు, జ్యామితికి మరెవరో. పాఠం పాఠానికీ మనుషులు మారుతుంటే ఎవరి మీదా ముద్ర పడదు.

లెక్కలు నిజంగా గట్టివి కావాలి. పెద్ద అంకెలు వేసి కష్టం చేస్తే అది మళ్లీ వేగపరీక్షే. ఇలాంటివి పెట్టండి: రెండు సంఖ్యల గ.సా.కా 6, క.సా.గు 180, అలాంటి జతలన్నీ రాయండి. ఇంకొకటి: 4, 6, 10 దేనితో భాగించినా 3 మిగిలే సంఖ్యలు 200 నుంచి 400 మధ్యలో ఏవేవి? 'అన్నీ', 'ఏవేవి' అనే మాటలు ముఖ్యం. ఒక్క జవాబు తట్టగానే ఆగిపోయేవాడెవడో, ఇంకా ఉన్నాయా అని వెతికేవాడెవడో అక్కడ తెలిసిపోతుంది.

ఇంకొక మాట. 8వ తరగతి పుస్తకం రేపే వెనక్కి తీసేయకండి, తప్పు చేశానని అనుకుంటాడు. ఇంట్లో చదువుకో అనండి. బెంచీ మాత్రం రేపే మార్చండి.

ఫౌండేషన్ కోచింగ్, తిరుపతి
సోమవారం, ఉదయం 6:50

సార్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. కానీ 8 నిమిషాల్లో ముగించే పిల్లవాడిని ఇంకా గ.సా.కా దగ్గరే తిప్పడం కాలం వృథా. గణిత ఒలింపియాడ్ మొదటి పరీక్ష ఐఓక్యూఎం 8వ తరగతి నుంచి రాయొచ్చు. దానికి సంఖ్యావాదం, బీజగణితం, జ్యామితి, కాంబినేటరిక్స్ కావాలి. ఇప్పుడే 8వ తరగతి బీజగణితం పూర్తి చేయిస్తే రెండేళ్లు చేతిలో ఉంటాయి. ముందుకు పంపితే ఒంటరి అవుతాడనేది పెద్దవాళ్ల భయమే. తనలాంటి పిల్లల మధ్య కూర్చున్నప్పుడే వాళ్లకు మాట వస్తుంది. మా దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాం.

బీఈడీ విద్యార్థిని, పుత్తూరు
సోమవారం, ఉదయం 7:30

మేడం, వాడినే చిన్న టీచర్‌ని చేస్తే? రానివాళ్ల పక్కన కూర్చోబెడితే వాడికీ పని దొరుకుతుంది, స్నేహాలూ కుదురుతాయి. తోటివాళ్లకు చెబితే తనకే ఇంకా బాగా అర్థమవుతుందని మాకు క్లాసులో చెప్పారు.

లెక్కల సార్, చిత్తూరు
సోమవారం, సాయంత్రం 5:15

పుత్తూరు అమ్మాయీ, ఎప్పుడో ఒకసారి, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకునేట్టయితే మంచిదే. రోజూ ఆ పనే ఇస్తే రెండు చిక్కులు. వాడు తనకు ఎప్పుడో వచ్చిన లెక్కనే పదిసార్లు చెబుతాడు, కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. రెండోది, వాళ్ల మధ్య ఇచ్చేవాడు, పుచ్చుకునేవాళ్లు అనే వరస స్థిరపడిపోతుంది. నోట్‌బుక్కు కోసం వచ్చే పిల్లలు ఇప్పటికే ఆ వరసలో ఉన్నారు, మనం ఇంకా గట్టిపరచినట్టవుతుంది. పైగా ఇలాంటి పిల్లలకు మధ్య మెట్లు కనిపించవు. జవాబు ఒక్కసారిగా తడుతుంది, అందుకే ఎలా వచ్చిందో చెప్పమంటే విసుక్కుంటారు. విసుగు చూసిన అవతలి పిల్లవాడు మళ్లీ అడగడు.

కోచింగ్ సార్, మీతో తర్వాత వాదిస్తాను. ముందు ఆ 5 లెక్కల ఫలితం రానివ్వండి.

ఆరో తరగతి టీచర్, తిరుపతి
మంగళవారం, రాత్రి 8:15

పెట్టాను సార్. 19 మంది ప్రయత్నించారు. నలుగురు దాటారు: మా అబ్బాయి, ఇద్దరు అమ్మాయిలు, ఇంకొక అబ్బాయి. ఆ ఇంకొక అబ్బాయి మామూలుగా 60 మార్కుల దగ్గర ఉండేవాడు, నేను అనుకోలేదు.

మా వాడు తప్పింది మీరు ఇచ్చిన మొదటి లెక్కే. 30, 36 అని ఒక్క జత రాసి ఆపేశాడు. ఒక అమ్మాయి మూడు జతలు రాసింది. వాడి కాగితం తిరిగి ఇవ్వగానే మడిచి జేబులో పెట్టుకున్నాడు, "ఈ లెక్క బాగాలేదు" అన్నాడు.

లెక్కల సార్, చిత్తూరు
మంగళవారం, రాత్రి 9:40

ఆ ఒక్క మాట మీ పాఠ్యప్రణాళిక అంతటికంటే ముఖ్యం. ఇంతవరకు వాడికి రాని లెక్క ఎదురుపడలేదు. మొదటిసారి ఎదురుపడితే పిల్లలు లెక్క మీద నెపం వేస్తారు, లేదా రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చింపుతారు. అప్పుడు బతిమాలొద్దు, జవాబూ చెప్పొద్దు, మార్కూ వేయొద్దు. "రేపటిదాకా ఉంచుకో, నాలుగు జతలున్నాయి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేయండి.

కోచింగ్ సార్‌కు ఇదే నా జవాబు. 8వ తరగతి బీజగణితం చేస్తున్న పిల్లవాడు 6వ తరగతి గ.సా.కాలో ఒక్క జత దగ్గర ఆగాడు. ముందుకు పోయాడు గానీ లోతుకు దిగలేదు. ఒలింపియాడ్‌లో అడిగేది ఆ లోతే కదా.

ఇప్పుడు 12 పీరియడ్లలో పాఠం చెప్పేవి సుమారు 6 ఉంటాయి, అభ్యాసానివి 4, తక్కినవి పరీక్షకూ పునశ్చరణకూ. పాఠం చెప్పేవాటిలో ఈ నలుగురూ అందరితోపాటే ఉంటారు. అభ్యాసం పీరియడ్లలో మాత్రం వీళ్లకు వేరే చీటీ. ఇద్దరేసి కూర్చుంటారు, అదే వరసలో, అదే బెంచీల్లో. వెనక మూల వద్దు, స్టాఫ్ రూమ్ వద్దు. చీటీ ఇదే పాఠంలోంచి రావాలి. పక్కవాడు తొంగి చూస్తే "ఓ, ఇదీ గ.సా.కానే" అనిపించాలి. వేరే పుస్తకం కనిపిస్తే వేరే మనిషి అయిపోతాడు.

మొదటి చీటీ ఇది: గ.సా.కా 6 అలాగే ఉంచి, క.సా.గు 180 బదులు 360 పెడితే ఎన్ని జతలు? ఎక్కువ వస్తాయని అందరూ అనుకుంటారు. చేసి చూస్తే 6, 360; 24, 90; 18, 120; 30, 72. మళ్లీ నాలుగే. సంఖ్య రెట్టింపైనా జతలు పెరగలేదేం? 36 పెడితే రెండే ఎందుకు? 8 జతలు రావాలంటే కనీసం ఏ సంఖ్య పెట్టాలి? ఆఖరి ప్రశ్నకు 1260 వస్తుంది, కానీ ఆ దారి పట్టడానికి వాళ్లకు రెండు పీరియడ్లు పడుతుంది. క.సా.గును 6తో భాగించి, వచ్చినదాంట్లో ఎన్ని వేర్వేరు ప్రధాన సంఖ్యలున్నాయో చూడాలన్నది వాళ్లే పట్టుకోవాలి. మీరు చేయాల్సింది జతల పట్టిక గీయించడం, అంతే.

హెచ్ఎం, పలమనేరు
బుధవారం, ఉదయం 10:10

ఒక చిక్కు చెబుతాను. నోట్‌బుక్కులో అభ్యాసం లెక్కలన్నీ లేకపోతే తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు. తల్లిదండ్రులూ అడుగుతారు. నలుగురి నోట్‌బుక్కులు సగం ఖాళీగా ఉంటే టీచర్ చెప్పలేదనే అనుకుంటారు.

లెక్కల సార్, చిత్తూరు
బుధవారం, మధ్యాహ్నం 1:25

నిజం సార్. ఆ 5 లెక్కల కాగితాన్ని నోట్‌బుక్కులో అదే చోట అతికించి, '4/5, అభ్యాసం అవసరం లేదు' అని తేదీ వేసి టీచర్ సంతకం పెడితే సరిపోతుంది. చీటీల పని కూడా అదే నోట్‌బుక్కులో, ఆ కాగితం వెనకే రాయించాలి. వేరే నోట్‌బుక్కు పెట్టించొద్దు. ఎఫ్ఏ పరీక్ష అందరితోపాటే రాస్తారు. అందులో సూటి లెక్కలు తప్పితే ఆ భాగం అభ్యాసం చేయించాలి, దానికి మొహమాటపడకూడదు.

ఇంతవరకు చెప్పింది వాడి బుర్రకు పని. ఒంటరితనానికి ఇది చాలదు. దానికి వారానికి ఒక పీరియడ్, శుక్రవారం అనుకుందాం, 42 మందీ కలిసి చేసే ఒకే పని కావాలి. మొదటి అడుగు అందరికీ అందాలి, చివరి అడుగు వాడికీ వెంటనే అందకూడదు. ఈ పాఠానికి మనింటి ముందరే అలాంటిది ఉంది, మెలికల ముగ్గు.

చుక్కలు అడ్డంగా, నిలువుగా గళ్లలాగా పెట్టండి, ఉదాహరణకు 3 వరసలు, వరసకు 4. గీత చుక్కల మధ్య ఏటవాలుగా పోవాలి. పక్కపక్క చుక్కలు రెండింటి మధ్య ప్రతి సందులోనూ గీతలు ఒకదాన్నొకటి దాటాలి. అంచుకు వస్తే బయటి చుక్కను చుట్టి లోపలికి తిరగాలి. బయలుదేరిన చోటికి వచ్చాక చుక్కలన్నీ చుట్టబడ్డాయా? 3, 4 చుక్కలకు ఒక్క గీతతో అయిపోతుంది. 2, 4 చుక్కలకు చెయ్యెత్తి రెండో గీత మొదలుపెట్టాలి. 3, 3కు మూడు. 4, 6కు రెండు. 3, 5కు ఒకటి. విడివిడి గీతలు ఎన్ని పడతాయన్నది వరసల సంఖ్య, చుక్కల సంఖ్యల గ.సా.కాయే, ఎంత పెద్ద ముగ్గుకైనా.

దీన్ని ముందే చెప్పేయకండి. ముగ్గురేసి 14 గుంపులు చేయండి. గుంపుకో తెల్లకాగితం, చుక్కకూ చుక్కకూ 2 సెంటీమీటర్లు, రెండు రంగుల పెన్నులు. ఒక్కో గుంపుకు ఒక్కో కొలత. బోర్డు మీద పట్టిక: వరసలు, చుక్కలు, గీతలు. తప్పు గీసిన గుంపు పట్టికను పాడుచేస్తుంది కాబట్టి సరిచూసుకునే దారి ముందే ఇవ్వండి. 3, 4 ముగ్గులో పక్కపక్క చుక్కల సందులు 17, కాబట్టి గీతలు దాటుకునే చోట్లు 17 ఉండాలి. అంచును తాకే చోట్లు 14.

ముగ్గులమ్మ, కాణిపాకం
బుధవారం, సాయంత్రం 6:30

సార్, లెక్కలు నాకు తెలీదు గానీ ముగ్గు తెలుసు. మీరు చెప్పేది ఎదురు చుక్కల ముగ్గుకే. మేము సంక్రాంతికి పెట్టేవాటిల్లో సందు చుక్కలే ఎక్కువ, చుక్క ఎదురుగా కాకుండా రెండు చుక్కల సందులో కింద చుక్క వస్తుంది. దానికి మీ లెక్క పనిచేయదు, పిల్లలు ఇంటికి పోయి అమ్మను అడిగితే గందరగోళపడతారు. ముందే చెప్పండి.

ఇంకోటి. 4, 4 ముగ్గు నాలుగు గీతలతో మేము వేయము, బాగుండదు. యాడన్నా సందులో గీతల్ని దాటించకుండా, ఇటుది ఇటే, అటుది అటే తిప్పేస్తాము. అట్ల రెండు గీతలు ఒకటైపోతాయి. మూడు చోట్ల అట్ల తిప్పితే 4, 4 అంతా ఒకే గీత.

లెక్కల సార్, చిత్తూరు
బుధవారం, రాత్రి 8:00

అమ్మా, మీరు చెప్పింది నా పోస్టుకు ప్రాణం పోసింది. ఎదురు చుక్క అని నేను రాయకపోవడం నా పొరపాటే. ఆ మూడు అనేదీ లెక్కకు సరిగ్గా నిలుస్తుంది. రెండు వేర్వేరు గీతలు దాటుకునే చోట తిప్పితే అవి కలిసి ఒకటవుతాయి, ఒక్కో తిప్పుకు ఒక్క గీతే తగ్గుతుంది. నాలుగు ఒకటి కావాలంటే మూడుకు తక్కువ కుదరదు. ఒకే గీత తనను తానే దాటే చోట తిప్పితే మాత్రం అది రెండుగా విడిపోవచ్చు, విడిపోకపోవచ్చు. ఏ చోట తిప్పాలో మీ చేతికి తెలుసు, ఎందుకో కనుక్కోవడం పిల్లల పని.

టీచర్‌గారూ, ఇక్కడే మీ అబ్బాయికి దారి ఉంది. ముగ్గు వేసే పిల్ల ఉన్న గుంపులో వాడిని వేయండి. గీతలో వాడికంటే ఆమె ముందుంటుంది. ఒక్కటే నియమం: ఆలోచన చెప్పేవాడి చేతిలో పెన్ను ఉండకూడదు. చెప్పేది ఒకరు, గీసేది ఒకరు, లెక్కపెట్టేది ఒకరు, ప్రతి 10 నిమిషాలకూ మార్పు. ఈ నియమం లేకపోతే మూడో నిమిషానికి పెన్ను వాడి చేతిలోకి పోతుంది, తక్కిన ఇద్దరూ కిటికీలోంచి చూస్తుంటారు.

ఆరో తరగతి టీచర్, తిరుపతి
శుక్రవారం, రాత్రి 9:20

ఈరోజు చేశాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి పావుగంట గోల. మూల చుక్కల దగ్గర చుట్టకుండా గీత కోసేసిన గుంపులు ఐదు, వాళ్లకు గీతలు ఎక్కువ వచ్చాయి. తమ ముగ్గులోని సందుల లెక్కతో వాళ్లే పట్టుకున్నారు. మీ 14 మాత్రం తికమక పెట్టింది సార్, 3, 4 గుంపుకు 10 వచ్చింది.

మా అబ్బాయి పెన్ను రెండుసార్లు లాక్కోబోయాడు. నియమం గోడ మీద రాసి పెట్టాను కాబట్టి గుంపులో అమ్మాయే చూపించింది. వాళ్లది 4, 6. వాడు "ఒకటే గీత వస్తుంది" అన్నాడు, రెండు వచ్చాయి. మళ్లీ గీయించాడు, మళ్లీ రెండే. అప్పుడు మొదటిసారి వేరే గుంపు దగ్గరికి లేచి వెళ్లి వాళ్ల కాగితం చూశాడు. పట్టికలో 9 గుంపుల ఫలితాలు పడేసరికి గ.సా.కా అని ముందు అన్నది వాడు కాదు, 3, 6 గుంపులోని పిల్ల.

నాకు తెలియనిది ఒకటి. వచ్చే శుక్రవారందాకా వాడికీ ఆ ముగ్గురికీ దీంట్లోంచి ఏ చీటీ ఇవ్వాలి?

లెక్కల సార్, చిత్తూరు
శనివారం, ఉదయం 7:45

10 ఎందుకు వచ్చిందంటే మూల చుక్కలు నాలుగూ ఒక్కొక్కటే లెక్కపెట్టారు. మూల చుక్కకు బయటివైపులు రెండు, అక్కడ రెండు లెక్కపెట్టాలి. ఒక్కో వైపు ఎన్ని చుక్కలో అన్ని తాకుళ్లు, 3, 4, 3, 4, మొత్తం 14. నేను ముందే చెప్పాల్సింది.

చీటీ ఇది. 4, 6 ముగ్గులోంచి 4, 4 చదరం కోసేయండి. మిగిలింది 4, 2. రెండింటిలోనూ గీతలు ఎన్ని? రెండే. అందులోంచి 2, 2 కోసేయండి, 2, 2 మిగిలింది, ఇంకా రెండే. చదరం తీసేసినా గీతల సంఖ్య ఎందుకు మారడం లేదు? గ.సా.కా కోసం మీరు బోర్డు మీద చేసే వరస భాగహారం ఇదే పని చేస్తుంది, అందుకే ఈ ప్రశ్న పాఠం దాటి పోలేదు.

జవాబు మీ కోసం రాస్తున్నాను, వాళ్లకు చెప్పకండి. ఆ చదరంలోకి పైకి వంగి దూరిన గీతను వేలితో పట్టుకుని పోండి. పై అంచును తాకుతుంది, ఎదుటి అంచును తాకుతుంది, కింది అంచును తాకుతుంది, సరిగ్గా దూరిన చోటుకే తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడూ పైకే పోతుంటుంది, దిక్కు మాత్రం వెనక్కి. అంటే చదరం ఉన్నా, అక్కడ గోడ ఉన్నా బయటి గీతకు తేడా తెలియదు. చదరం కాకుండా 4, 3 ముక్క కోస్తే దూరిన చోటుకే రాదు, అప్పుడు సంఖ్య మారవచ్చు. వాళ్లు అదీ గీసి చూడాలి.

వాడు దీన్ని కనుక్కుంటే వచ్చే శుక్రవారం వాడొక్కడినే బోర్డు దగ్గరికి పిలవకండి. నలుగురూ కలిసి, వేలితో గీత పట్టి చూపించడం ఆ ముగ్గు అమ్మాయితో చేయించండి.

ఫౌండేషన్ కోచింగ్, తిరుపతి
శనివారం, ఉదయం 11:30

ముగ్గు లెక్క బాగుంది, మా పిల్లలకూ పెడతాను. ఒక్క జత దగ్గర ఆగాడన్నది కూడా ఒప్పుకుంటున్నాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. నాలుగు జతలూ రాసి, నాలుగే ఎందుకో మొదటి రోజే చెప్పే పిల్లవాడు వస్తే? వాడికి ఈ పాఠంలో మీరు ఇవ్వగలిగింది రెండు చీటీల్లో అయిపోతుంది. ప్రతి పాఠానికీ ఇలాంటి ముగ్గు దొరకదు. 42 మంది ఉన్న టీచర్ వారానికో చీటీ తయారుచేయడమూ కష్టమే.

లెక్కల సార్, చిత్తూరు
శనివారం, రాత్రి 8:10

అలాంటి పిల్లవాడు వస్తే మీరు చెప్పిందే చేస్తాను, లెక్కల పీరియడ్‌కు మాత్రం పై తరగతికి పంపుతాను. తక్కిన సబ్జెక్టులు, ఆటలు, భోజనం తన తరగతితోనే. వీలైతే ఇద్దరిని కలిపి పంపాలి. శుక్రవారం పీరియడ్‌కు తప్పకుండా వెనక్కి రావాలి. పూర్తిగా ఒక తరగతి దాటించడం గురించి మాత్రం నాకు ఇంకా సందేహమే. దాటించినవాళ్లలో బాగా కుదురుకున్నవాళ్లూ ఉన్నారు. ఏ పిల్లవాడు కుదురుకుంటాడో 6వ తరగతిలో నేను ముందుగా చెప్పలేను.

చీటీల మాట నిజం. ఏడాదికి 8 చాలు. మంచి చీటీ ఒకటి నాలుగు పీరియడ్లు నడుస్తుంది. మండలంలో నలుగురు లెక్కల టీచర్లు తలా రెండు చేసి మార్చుకుంటే ఎవరికీ భారం కాదు.

చంద్రగిరి అమ్మ
శనివారం, రాత్రి 8:55

మా పాప స్కూల్లో ఇట్ల చేయరు సార్. నేను పోయి ఏమని అడగల్ల?

లెక్కల సార్, చిత్తూరు
శనివారం, రాత్రి 9:15

"మా పాప తెలివైనది, వేరేగా చూడండి" అని అడగొద్దమ్మా, అలా అడిగితే వెనక బెంచీయే వస్తుంది. "పాఠం మొదట్లో కష్టమైన 5 లెక్కలు అందరికీ పెడతారా, వచ్చినవాళ్లకు ఇంకో పేజీ బదులు ఒక్క ఆలోచించే లెక్క ఇస్తారా" అని అడగండి.

ఆరో తరగతి టీచర్, తిరుపతి
తర్వాతి శుక్రవారం, రాత్రి 9:00

చదరం చీటీ నాలుగు రోజులు పట్టింది. మా వాడు మంగళవారం "ఇది రాదు" అన్నాడు, బుధవారం మళ్లీ కాగితం తీశాడు. పై అంచు, ఎదుటి అంచు దాకా వాడు చెప్పాడు, దూరిన చోటుకే తిరిగి వస్తుందని చూసింది ఆ 60 మార్కుల అబ్బాయి. ఈరోజు ముగ్గు అమ్మాయి వేలితో చూపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకా విడిగానే కూర్చుంటున్నాడు, అది మారలేదు. గుంపుల దగ్గర మాత్రం ఈసారి 3, 6 గుంపు వాడిని పిలిచింది. వాళ్లకు వాడితో పని ఉంది. ఎదురు చుక్క 5 పెట్టి రెండు వైపులా 3, 1కి తగ్గించే ముగ్గు ఉంది కదా, వాళ్లమ్మ వేసేది, దానికి గీతలు ఎన్ని పడతాయి, గ.సా.కా లాంటి లెక్క ఏదైనా ఉందా అని. నాకూ తెలియదు. ముగ్గులమ్మగారూ, మీరు వేసి చూసి చెబుతారా? సంఖ్య మాత్రం చాలు, ఎందుకో వాళ్లను వెతుక్కోనిద్దాం.